నైట్ డ్యూటీకి ‘ఇలా అయితే.. అలా’ లిస్టు

డ్యూటీ డాక్టరుగా చేరగానే నైట్ డ్యూటీ పడుతుంది. వార్డులోని రోగుల్లో చాలామందిని మీరు అంతకుముందు చూసి ఉండరు. అప్పుడు ఆధారం, పగటి డాక్టరు ఇచ్చే సైన్‌ఔట్ లిస్టే. అందులో ప్రతి రోగికీ జబ్బు, పరిస్థితితో పాటు ‘ఫలానాది జరిగితే ఏం చేయాలి’ అన్నదీ ఉండాలి.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఏజెన్సీ గ్రామాల నుంచే కాదు, ఛత్తీస్‌గఢ్ నుంచీ రోగులు వస్తారు. అలాంటి చోట రక్తపింజర కాటు కేసు ఒకటి అనుకుందాం. సాయంత్రం 6కు రక్తం గడ్డకట్టడం లేదని తేలి 10 వయల్స్ యాంటీవీనం ఇచ్చారు. రాత్రికి ‘జాగ్రత్తగా చూడండి’ అని రాసిపెడితే చాలదు. ఇలా రాయాలి:

- రాత్రి 12కు పరీక్ష: 2 మి.లీ. రక్తం గాజు ట్యూబులో, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి.
- గడ్డకట్టకపోతే: మరో 10 వయల్స్, ఆరు గంటలకు మళ్లీ పరీక్ష.
- మందు ఎక్కుతుండగా దద్దుర్లు, ఆయాసం వస్తే: వెంటనే ఆపి, అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండరానికి.
- మూత్రం బాగా తగ్గితే: సీనియర్‌కు ఫోన్. కిడ్నీలు దెబ్బతింటూ ఉండొచ్చు.

‘గాజు’ అని ఎందుకు రాయాలంటే, ప్లాస్టిక్ ట్యూబులోనో, సబ్బుతో కడిగిన ట్యూబులోనో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని యాంటీవీనం ఎక్కించేస్తారు.

లిస్టు అందుకున్నాక పగటి డాక్టరుకు మీ మాటల్లో తిరిగి చెప్పండి. రాసినవారు ఒకటి అనుకుంటే మీకు ఇంకోటి అర్థమైందా అన్నది అక్కడే బయటపడుతుంది.