తలలో రక్తం: లెన్సు ఆకారమా, నెలవంకా?

తలకు దెబ్బ తగిలినవాళ్ళకి సీటీ స్కాన్ తీశాక డాక్టరు కళ్ళు మొదట వెతికేది తెలుపు కోసం. సీటీ బొమ్మలో ఎముక తెల్లగా, మెదడు బూడిద రంగులో, దాని చుట్టూ ఉండే నీరు నల్లగా కనిపిస్తాయి. కొత్తగా కారి గడ్డకట్టిన రక్తం మెదడు కన్నా తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు పుర్రె లోపలి అంచును ఆనుకుని ఉంటే, దాని ఆకారాన్ని బట్టి అది ఏ పొరలో నిలిచిందో చాలావరకు చెప్పేయవచ్చు. రెండువైపులా ఉబ్బి లెన్సులా ఉంటే ఎపిడ్యూరల్. పుర్రె వంపు వెంట పలచగా పరుచుకుని నెలవంకలా ఉంటే సబ్‌డ్యూరల్. రిపోర్టులో వీటినే ఈడీహెచ్, ఎస్‌డీహెచ్ అని రాస్తారు. బయట కూర్చున్న బంధువులకు మాత్రం రెండిటికీ ఒకే మాట వినిపిస్తుంది: "తలలో రక్తం గడ్డకట్టింది." నిజానికి ఈ రెండూ పుట్టే తీరు వేరు, ముదిరే వేగం వేరు, మిగిల్చే నష్టం వేరు.

ఆకారాల్లో తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే డ్యూరా అనే పొర గురించి కొంత చెప్పుకోవాలి. మెదడును కప్పి ఉంచే మూడు పొరల్లో ఇది అన్నిటికన్నా బయటిది, దళసరిది. పుర్రె లోపలి వైపుకు అతుక్కుని ఉంటుంది. పుర్రె ఎముకలు ఒకదానితో ఒకటి కలిసే అతుకుల దగ్గరైతే మరీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎముకకూ డ్యూరాకూ మధ్య రక్తం చేరితే, వానాకాలం చెమ్మ పట్టిన గోడ మీద పెయింటు పొంగినట్టు, ఆ పొరను ఒక్కచోటే ఊడదీసుకుంటూ లోపలికి ఉబ్బుతుంది. అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. పక్కకు పోయే దారి లేదు కాబట్టి లోతు పెరుగుతుంది. అదే లెన్సు ఆకారం.

డ్యూరా కింద అలాంటి అడ్డు లేదు. అక్కడ చేరిన రక్తం అతుకులను దాటి, ముందు నుంచి వెనక దాకా ఆ పక్క మెదడంతా పరుచుకోగలదు. మెదడు కుడి ఎడమ భాగాల మధ్య నిలువుగా దిగే డ్యూరా మడత ఒకటుంది, దాన్ని మాత్రం దాటి అవతలి పక్కకు పోలేదు. అందుకే ఒక పక్కనే పొడుగాటి నెలవంకలా కనిపిస్తుంది. స్కాన్ ఫిల్ము చూసేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బొమ్మలో ఎడమ చేతి వైపు కనిపించేది రోగి కుడి పక్క.

లెన్సు వెనక ఉండేది ఎక్కువగా ధమని. కణత దగ్గర పుర్రె ఎముక పలచన. సరిగ్గా దాని లోపలి గాడిలోనే మిడిల్ మెనింజియల్ ధమని పోతుంది. బండి మీద నుంచి పడి కణత రోడ్డుకు కొట్టుకుంటే ఎముక చిట్లుతుంది, దాని అంచు ధమనిని కోస్తుంది. పెద్దవాళ్ళ ఈడీహెచ్ కేసుల్లో చాలావాటిలో ఎముక విరుగు కూడా కనిపించేది అందుకే. ధమని రక్తానికి ఒత్తిడి ఎక్కువ కాబట్టి గడ్డ గంటల్లో పెరుగుతుంది. అయితే చాలామందిలో అప్పటికి మెదడుకు నేరుగా పెద్ద దెబ్బ తగిలి ఉండదు. అందువల్ల మనిషి కాసేపు స్పృహ తప్పినా మళ్ళీ లేచి కూర్చుని, మాట్లాడి, నీళ్ళు తాగి, బాగానే ఉన్నానంటాడు. అందరిలోనూ ఇలా జరగదు. జరిగినచోట మాత్రం ఈ తెరిపి కాలమే అందరినీ ఏమారుస్తుంది.

హాలీవుడ్ నటి నటాషా రిచర్డ్‌సన్ విషయంలో జరిగింది ఇదే. 2009 మార్చి 16న కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఉంచిన మంచు వాలు మీద స్కీయింగ్ చేస్తూ ఆమె పడిపోయారు. తలకు హెల్మెట్ లేదు. పైకి గాయమేమీ కనిపించలేదు. నవ్వుతూ మాట్లాడారు, వచ్చిన అంబులెన్సు వెనక్కి వెళ్ళిపోయింది. కొన్ని గంటల్లోపే తలనొప్పి మొదలైంది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, పరిస్థితి వేగంగా దిగజారింది. మార్చి 18న న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 45. తలకు తగిలిన దెబ్బ వల్ల ఎపిడ్యూరల్ రక్తస్రావం జరిగి మరణించారని అక్కడి వైద్యాధికారులు తేల్చారు.

ఇప్పుడు మన రోడ్ల మీద రోజూ జరిగేలాంటి ఒక కేసు ఊహించుకుందాం. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు బండి జారి పడ్డాడు. రెండు నిమిషాలు స్పృహ లేదు, తర్వాత తేరుకున్నాడు. గంటన్నరలో సీటీ తీశారు. కుడి కణత లోపల చిన్న తెల్లటి లెన్సు ఉంది. రక్తం ఎంతో లెక్కగట్టడానికి డాక్టర్లకు ఒక సులువైన పద్ధతి ఉంది: గడ్డ పొడవు, మందం, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సగం చేయడం. ఇక్కడ నాలుగున్నర, ఒకటి, నాలుగు. గుణిస్తే 18, సగం 9. అంటే సుమారు 9 మిల్లీలీటర్లు, రెండు టీస్పూన్లకు కొంచెం తక్కువ. మెదడు నడిగీత ఎటూ జరగలేదు. కుర్రాడు పూర్తి మెలకువలో ఉన్నాడు. వెంటనే ఆపరేషన్ చేయరు, కానీ న్యూరోసర్జన్ ఉన్నచోటే ఉంచి గంటగంటకూ చూస్తారు. నాలుగు గంటలయ్యాక వాంతి అయింది, తలనొప్పి పెరిగింది, పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నాడు. మళ్ళీ సీటీ. ఈసారి పొడవు 7, మందం 2.2, ఎత్తు 5. దాదాపు 38 మిల్లీలీటర్లు. నడిగీత 6 మిల్లీమీటర్లు ఎడమకు జరిగింది. తెల్లటి గడ్డ మధ్యలో బూడిద రంగు సుడి కూడా కనిపిస్తోంది. అంటే ఇంకా గడ్డకట్టని రక్తం లోపల కారుతూనే ఉందన్న అనుమానం. ఇక నేరుగా ఆపరేషన్ థియేటరుకే.

అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2006లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, ఎపిడ్యూరల్ గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే మనిషి ఎంత మెలకువగా ఉన్నా ఆపరేషన్ చేయాలి. సబ్‌డ్యూరల్‌కు కొలత వేరు: మందం 10 మిల్లీమీటర్లు దాటినా, నడిగీత 5 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ జరిగినా తీసేయాల్సిందే. అంతకన్నా చిన్నవైనా, మనిషి మత్తులోకి జారుతున్నా, గడ్డ ఉన్న పక్క కంటిపాప పెద్దదైనా లెక్కలు పక్కన పెట్టాలి. కంటిపాప అలా విచ్చుకుందంటే మెదడు భాగం కిందికి జారి, కంటిపాపను నడిపే నరాన్ని నొక్కుతోందన్నమాట. అక్కడి నుంచి మిగిలేది నిమిషాలే.

ఆ కుర్రాడి పుర్రెలో ఒక ముక్క తెరిచి, గడ్డ తీసి, ధమనిని కట్టేస్తే సాధారణంగా మంచి కోలుకోలు ఉంటుంది, ఎందుకంటే కింద ఉన్న మెదడు నలిగిందే తప్ప చితకలేదు. స్కాన్‌లో భయపెట్టేంత లావుగా కనిపించే లెన్సే, సమయానికి తీస్తే, ఎక్కువమందిని నిలబెడుతుంది.

ప్రమాదంలో అప్పటికప్పుడు వచ్చే సబ్‌డ్యూరల్ కథ దీనికి తలకిందులు. పలచటి నెలవంకే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడు మెదడు లోపల కదులుతుంది, మెదడు పైనుంచి డ్యూరా వైపు పోయే వంతెన సిరలు తెగుతాయి. అంత ఊపు తగిలిన మెదడు తాను కూడా దెబ్బతిని, వాచిపోయి ఉంటుంది. నెలవంక మందం 6 మిల్లీమీటర్లే ఉండి నడిగీత 11 జరిగిందంటే, ఆ అదనపు తోపుడు రక్తానిది కాదు, వాపుది. అది చెడ్డ సూచన. అందుకే కొన్నిసార్లు రక్తం తీశాక ఎముక ముక్కను వెంటనే తిరిగి పెట్టకుండా, వాచిన మెదడుకు చోటిచ్చి వదిలేస్తారు. 1981లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో కోమాలో ఉన్న 82 మంది సబ్‌డ్యూరల్ రోగులను పరిశీలించారు. దెబ్బ తగిలిన నాలుగు గంటల్లోపు ఆపరేషన్ జరిగినవాళ్ళలో 30 శాతం మంది చనిపోతే, ఆ తర్వాత జరిగినవాళ్ళలో 90 శాతం మంది చనిపోయారు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నిటిలో ఇంత తేడా కనిపించలేదు. వయసు, మెదడుకు తగిలిన దెబ్బ తీవ్రత కూడా అంతే బలంగా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

నెలవంకకు ఇంకో ముఖముంది. మన ఇళ్ళలో ఎక్కువగా జారిపోయేది అదే. డెబ్భై రెండేళ్ళ తాతయ్య బాత్రూంలో జారి పడ్డారనుకోండి. తల గోడకు తగిలింది, చిన్న బొప్పి, రెండు రోజుల్లో తగ్గింది. గుండె వాల్వు కోసం రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. నెల తర్వాత మాట తడబడుతుంది, ఎడమ కాలు ఈడుస్తారు, పగలంతా నిద్ర. ఇంట్లో "పక్షవాతమేమో" అంటారు. ఆయన పడ్డ సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. వయసుతో మెదడు కుంచించుకుపోవడం వల్ల వంతెన సిరలు సాగి ఉంటాయి, చిన్న తాకిడికే తెగుతాయి. లోపల ఖాళీ జాగా ఉంది కాబట్టి రక్తం వారాల తరబడి నెమ్మదిగా చేరుతుంది.

ఇక్కడ సీటీలో రంగు కూడా చదవాలి. మొదటి రోజుల్లో తెల్లగా ఉన్న రక్తం ఒకటి నుంచి మూడు వారాల మధ్య మెదడు రంగులోకే కలిసిపోతుంది, తర్వాత నల్లబడుతుంది. నల్లటి నెలవంక అంటే పాత రక్తం. అందులో తెల్లటి చారలు ఉంటే మళ్ళీ కొత్తగా కారిందని. మధ్యలో ఉన్న బూడిద దశే మోసం చేస్తుంది, ముఖ్యంగా రక్తం రెండు పక్కలా చేరినప్పుడు. రెండు వైపులా సమానంగా తోస్తే నడిగీత కదలదు, స్కాన్ చూడటానికి మామూలుగానే ఉంటుంది. అప్పుడు మెదడు మడతలు పుర్రె దాకా వస్తున్నాయా, అంచు నుంచి దూరంగా లోపలికి నెట్టబడ్డాయా అని అనుభవమున్న రేడియాలజిస్టు చూస్తారు. రక్తహీనత ఎక్కువగా ఉన్నవాళ్ళలో కొత్త రక్తం కూడా తెల్లగా కనిపించకపోవచ్చు.

తాతయ్య స్కాన్‌లో 18 మిల్లీమీటర్ల నల్లటి నెలవంక ఉందనుకుందాం. ఇది పక్షవాతమని పొరబడి రక్తం పలచబడే మందు ఇంకా పెంచితే జరిగేదేమిటో చెప్పనక్కర్లేదు. అందుకే పక్షవాతం మందులు మొదలుపెట్టే ముందు సీటీ తీస్తారు. అక్కడ ఇంట్లోవాళ్ళు చేయగల పెద్ద సాయం రెండు సంగతులు గుర్తు తెచ్చుకుని చెప్పడం: గత రెండు మూడు నెలల్లో ఎప్పుడైనా పడ్డారా, రోజూ వేసుకునే మాత్రలేమిటి. వీలైతే మాత్రల అట్టలు చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. ఎసిట్రామ్, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, యాస్పిరిన్ లాంటివాటిలో ఏది వాడుతున్నారన్నదాన్ని బట్టి ఆపరేషన్‌కు ముందు ఇచ్చే విరుగుడు మారుతుంది.

ఈ పాత రక్తానికి పుర్రె తెరవాల్సిన పని ఉండదు. అది చిక్కటి నూనెలా ద్రవంగా మారి ఉంటుంది కాబట్టి ఎముకకు ఒకటి రెండు రంధ్రాలు పెట్టి, కడిగి, ఒకటి రెండు రోజులు సన్నటి గొట్టం ఉంచుతారు. చాలామంది మర్నాటికే మాటలోనూ నడకలోనూ తేడా చూపిస్తారు. చిక్కేమిటంటే కొందరిలో అది మళ్ళీ చేరుతుంది. పాత రక్తం చుట్టూ ఒక పొర పెరుగుతుంది, ఆ పొరలో నాసిరకం రక్తనాళాలు పుట్టి కారుతూ ఉంటాయి. వాటికి రక్తం అందించేది, లెన్సు ఆకారపు గడ్డలో తెగేదని పైన చెప్పుకున్న ఆ మిడిల్ మెనింజియల్ ధమనే. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నటి గొట్టం ఎక్కించి ఆ ధమనిని లోపలి నుంచి మూసేసే చికిత్స మీద 2024లో పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్‌తో పాటు దీన్ని కూడా చేస్తే మళ్ళీ రక్తం చేరడం తగ్గిందని వాటిలో ఒకటి చూపించింది. ఇది పనిచేయడానికి వారాలు పడుతుంది. కాబట్టి మత్తులోకి జారుతున్న మనిషికి, కాలు చెయ్యి పడిపోతున్న మనిషికి, ముందు రంధ్రం పెట్టి రక్తం బయటికి తీయాల్సిందే.