బయటికెళ్లిన సరుకు లెక్క

హైదరాబాద్ బాలానగర్‌లాంటి చోట చిన్న వర్క్‌షాపుకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో తెలియాలంటే డెలివరీ చలాన్ల ఫైలు తిరగేయాలి. పూత కోసం 500 షాఫ్టులు ప్లేటింగ్ షాపుకు పంపారనుకుందాం. మూడు విడతల్లో 480 తిరిగొచ్చాయి, 12 పాడయ్యాయి. మిగతా 8 ఏమయ్యాయో ఏ కాగితమూ చెప్పదు. జాబ్‌వర్క్‌కు వెళ్లిన సరుకు సాధారణంగా ఏడాదిలోగా తిరిగి రాకపోతే, జీఎస్టీ చట్టం దాన్ని పంపిన రోజే అమ్మినట్టు లెక్కగడుతుంది; పన్నుకు వడ్డీ కలుస్తుంది. చలాన్‌వారీగా మిగిలిన సరుకునూ గడువునూ చూపే ఫోన్ యాప్ చాలు, పెద్ద ఈఆర్‌పీ అక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. వర్క్‌షాపు ముక్కలు లెక్కపెడుతుంది, ప్లేటింగ్ షాపు కిలోల్లో తూస్తుంది. షాఫ్టు 250 గ్రాములైతే 8 ముక్కల లోటు 2 కిలోలు. 480 షాఫ్టులకు పట్టిన పూత బరువు ఆ లోటును కప్పేయగలదు. అందుకే పంపేటప్పుడూ తీసుకునేటప్పుడూ ముక్కల సంఖ్య, బరువు రెండూ ఎక్కించాకే యాప్ చలాన్‌ను ముగించాలి.