రీచ్ పడిపోయిందా? ముందు దాన్ని విడదీసి చూడండి

ఫేస్‌బుక్‌లో ఒక చీరల దుకాణం పేజీ ఉందనుకుందాం. గత 28 రోజుల్లో 40 వేలున్న రీచ్ ఇప్పుడు 9 వేలకు దిగింది. యజమాని కంగారుపడి రోజుకు నాలుగు పోస్టులు పెట్టడం మొదలుపెడతారు. అది తొందరపాటు.

మెటా బిజినెస్ సూట్‌లో ఇన్‌సైట్స్ తెరిచి, ప్రకటనల ద్వారా వచ్చిన రీచ్‌ను, డబ్బు పెట్టకుండా వచ్చిన రీచ్‌ను వేరుచేసి చూడాలి. ఈ దుకాణానికి పోయిన నెలలో ప్రకటనల వల్ల 31 వేలు, మామూలుగా 10 వేలు వచ్చాయి. రెండూ చూసినవాళ్లు మొత్తంలో ఒక్కసారే లెక్కకొస్తారు కాబట్టి కూడితే సరిగ్గా 40 వేలు కాదు. పండగ ప్రకటన ముగిసింది, 31 వేలు సున్నా అయింది. అసలు రీచ్ తగ్గింది వెయ్యి మాత్రమే. పేజీకి ఏ జబ్బూ లేదు.

మామూలు రీచే కుప్పకూలితే సంగతి వేరు. అప్పుడు పడిన తేదీ చూడాలి. ఒక్కరోజులో పడితే పేజీ స్టేటస్‌లో ఉల్లంఘన నోటీసు ఉందేమో వెతకండి. ఇతరుల వీడియోలు ఎత్తి పెట్టినా సిఫార్సులు ఆగిపోవచ్చు. వారాల తరబడి జారితే పోస్టులను రకాలవారీగా పోల్చండి: ఒకే రీల్ వైరల్ అయిన నెలతో పోలిస్తే ఏ నెలైనా వెలవెలబోతుంది.

కారణం తేలేదాకా బూస్ట్ బటన్ నొక్కకండి. నొక్కితే ప్రకటన అంకె కలిసి మొత్తం పెరిగినట్టు కనిపిస్తుంది, అసలు లోపం దాని కింద దాగిపోతుంది.