పెద్దజాతి కుక్కపిల్లలు: ఎముకలకు ఎంత కాల్షియం?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక జర్మన్ షెపర్డ్ పిల్ల ఉందనుకోండి. నాలుగు నెలల వయసుకే 16 కిలోలు తూగుతోంది. "పెద్ద ఎముకలు కదా, కాల్షియం పొడి వేయండి" అని ఎవరో ఒకరు చెబుతారు. ఈ సలహా సరైనదేనా? దీనికి సమాధానం చెప్పాలంటే ముందుగా ఎముక ఎలా పెరుగుతుందో చూడాలి.

కాలి ఎముక చివరల్లో మృదులాస్థి పొరలు ఉంటాయి. వీటినే పెరుగుదల ఫలకాలు అంటాం. ఇక్కడ కొత్త మృదులాస్థి కణాలు పుడుతూ ఉంటాయి, పాతవి క్రమంగా ఎముకగా మారుతాయి. మరోవైపు కొన్ని కణాలు పాత ఎముకను కరిగించి, పెరిగే శరీరానికి తగ్గట్టు దాని ఆకారాన్ని సరిచేస్తాయి. పెద్దజాతుల్లో ఈ పని సుమారు 12 నుంచి 18 నెలల దాకా సాగుతుంది.

అధిక కాల్షియం ఏం చేస్తుంది?

పెద్ద కుక్క పేగులు అవసరానికి మించిన కాల్షియంను చాలావరకు వదిలేస్తాయి. ఆరు నెలల లోపు పిల్లకు ఆ నియంత్రణ ఇంకా రాదు. తిన్న కాల్షియంలో పెద్ద భాగం రక్తంలో చేరుతుంది. దాన్ని అదుపు చేయడానికి కాల్సిటోనిన్ హార్మోన్ పెరుగుతుంది, పారాథైరాయిడ్ హార్మోన్ తగ్గుతుంది. అప్పుడు ఎముకను కరిగించి సరిదిద్దే కణాల పని మందగిస్తుంది. మృదులాస్థి ఎముకగా మారడం కూడా దెబ్బతింటుంది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హేజెవింకెల్ బృందం గ్రేట్‌డేన్ పిల్లలపై దీన్ని పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించింది. 1.1 శాతం కాల్షియం ఉన్న ఆహారం తిన్న పిల్లలతో పోలిస్తే, 3.3 శాతం ఉన్న ఆహారం తిన్న పిల్లల్లో ఎముకల ఎదుగుదల లోపాలు ఎక్కువగా కనిపించాయి.

ముందుకాలిలో రెండు ఎముకలు పక్కపక్కనే పెరుగుతాయి. వాటిలో ఒకదాని పెరుగుదల మందగిస్తే రెండోది విల్లులా వంగుతుంది, పాదం బయటికి తిరుగుతుంది. మనకు కనిపించే గుర్తు ఇదే.

శక్తి సంగతి

రెండో కారణం అతిగా తినిపించడం. ఎక్కువ కేలరీలు అందితే పిల్ల త్వరగా బరువెక్కుతుంది. ఇంకా గట్టిపడని కీళ్లపై ఆ భారం పడుతుంది. 48 లాబ్రడార్లపై జరిగిన ఒక దీర్ఘకాల అధ్యయనంలో, జతలోని ఒక కుక్కకు రెండోదానికన్నా 25 శాతం తక్కువ ఆహారం పెట్టారు. తక్కువ తిన్న కుక్కల్లో తుంటి కీలు లోపం తక్కువగా కనిపించింది. మితంగా తింటే కుక్క పొట్టిగా మిగిలిపోతుందన్న భయం అక్కర్లేదు. తుది ఎత్తు ప్రధానంగా జన్యువులను బట్టి ఉంటుంది, అక్కడికి చేరే వేగం మాత్రమే తగ్గుతుంది.

ఒక లెక్క

మన 16 కిలోల పిల్లకే లెక్క వేద్దాం. విశ్రాంతిలో రోజుకు కావలసిన శక్తికి సూత్రం ఇది:

70 × (బరువు)^0.75

16ను మూడుసార్లు గుణిస్తే 4096. దాని వర్గమూలం 64, మళ్లీ వర్గమూలం 8. కాబట్టి 70 × 8 = 560 కిలోకేలరీలు. నాలుగు నెలల పిల్లకు దీనికి సుమారు రెట్టింపు, అంటే 1120 కిలోకేలరీలతో మొదలుపెడతాం. గ్రాముకు 3.6 కిలోకేలరీలు ఇచ్చే పొడి మేత అయితే రోజుకు సుమారు 310 గ్రాములు సరిపోతుంది.

ఆ మేతలో 1.2 శాతం కాల్షియం, 1 శాతం భాస్వరం ఉన్నాయనుకుందాం. పిల్లకు 3.7 గ్రాముల కాల్షియం, 3.1 గ్రాముల భాస్వరం అందుతాయి. నిష్పత్తి 1.2 : 1, బాగానే ఉంది. ఇప్పుడు 5 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలిపితే, అందులో 40 శాతం కాల్షియమే కాబట్టి మరో 2 గ్రాములు చేరుతాయి. మొత్తం 5.7 గ్రాములు. మేతలో పదో వంతు తేమ ఉందనుకుని, ఆ తేమ తీసేసి చూస్తే కాల్షియం 2 శాతం పైకి పోతుంది. పెద్దజాతి పిల్లల మేతకు అమెరికా ప్రమాణాల్లో గరిష్ఠ హద్దు 1.8 శాతం. ఒక్క చెంచా పొడితో ఆ హద్దు దాటాం!

లోటు కూడా ప్రమాదమే

అన్నం, ఎముకల్లేని కోడిమాంసం మాత్రమే పెడితే పరిస్థితి తలకిందులవుతుంది. మాంసంలో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది, అవి పలచబడి చిన్న గెంతుకే విరగవచ్చు. ఇంటి వంటకు కాల్షియం కలపక తప్పదు, కానీ పశువైద్యుడు లెక్కకట్టి చెప్పిన మోతాదులోనే కలపాలి. పెద్దజాతి పిల్లల కోసమే తయారైన సమతుల మేతకు మాత్రం ఏమీ కలపనక్కర్లేదు.

సూత్రం ఇచ్చేది ఆరంభ అంచనా మాత్రమే. ప్రతి వారం పిల్లను తూచండి, పక్కటెముకలపై చేయి వేసి చూడండి. గట్టిగా నొక్కకుండానే అవి తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. పక్కటెముకలు తగలకపోతే మేతను పదో వంతు తగ్గించండి. ఆకలిగా చూసే కళ్లను బట్టి గిన్నె నింపకండి. కుంటినా, మణికట్టు వంగినా ఎక్స్‌రే తీయించాలి. వంశపారంపర్య లోపాలను ఆహారం పూర్తిగా ఆపలేదు, కాని వాటి తీవ్రతను తగ్గించగలదు.