వార్తల్లో పదం: ధర-అద్దె నిష్పత్తి

మార్కాపురం జిల్లా కేంద్రం కావడంతో అక్కడ సొంతిల్లు కొనాలా, అద్దెకుండాలా అన్న లెక్క మళ్లీ మొదలైంది. ఇంటి ధరను ఏడాది అద్దెతో భాగిస్తే వచ్చేదే ధర-అద్దె నిష్పత్తి. ఇది 15 లోపుంటే కొనడం, 20 దాటితే అద్దె లాభమని స్థూలంగా అంటారు.

ఉదాహరణకు 40 లక్షల ఇల్లు, నెలకు 10 వేల అద్దె అనుకుందాం. నిష్పత్తి 33. స్టాంపు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే 3 లక్షలు. చేతి నుంచి మరో 8 లక్షలు పెట్టి, 32 లక్షలు 8.5 శాతం వడ్డీకి అప్పు తెస్తే 20 ఏళ్లు నెలకు సుమారు 27,770 కట్టాలి. మొత్తం ఖర్చు 77 లక్షలు దాటుతుంది. అద్దె ఏటా 5 శాతం పెరిగినా 20 ఏళ్లకు 40 లక్షల లోపే.

అయితే కొన్నవారికి ఇల్లు మిగులుతుంది. అద్దెకున్నవారు కొంటే మొదట పెట్టాల్సిన ఆ 11 లక్షలనూ, నెలనెలా మిగిలే తేడానూ 7 శాతం రాబడికి దాస్తే సుమారు 108 లక్షలవుతుంది. అంత విలువ రావాలంటే ఇంటి ధర ఏటా సుమారు 5 శాతం పెరగాలి. పెరిగేది స్థలం విలువే, కట్టడం పాతబడుతుంది. గిద్దలూరైనా మార్కాపురమైనా, తేడా డబ్బు క్రమం తప్పక దాచలేనివారు ఈ లెక్కను నమ్మి అద్దెకుండొద్దు.