సమస్యాపూరణంలో అర్థపరివర్తన: ఒక కందపాదం ఆధారంగా పరిశీలన

అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చే సమస్య సాధారణంగా పద్యంలోని చివరి పాదం. విడిగా చదివితే అది అసంబద్ధంగానో, లోకవిరుద్ధంగానో, ధర్మవిరుద్ధంగానో ఉంటుంది. మిగిలిన మూడు పాదాలను అవధాని కూర్చి, ఆ పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా దాన్ని సమంజసం చేయాలి. అష్టావధానంలో ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెప్పే పద్ధతి ఉంది కనుక, మొదటి పాదం పలికే వేళకే చివరి మలుపు ఏదో అవధాని నిశ్చయించుకొని ఉండాలి. ఒకసారి చెప్పిన పాదాన్ని వెనక్కి తీసుకోలేడు. ఆ మలుపు ఎక్కడ నుంచి వస్తుందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

పరిశీలనకు ద్రాక్షారామ క్షేత్రానికి తగినట్లు కూర్చిన ఒక సమస్యను తీసుకుందాం. ద్రాక్షారామం పంచారామాలలో ఒకటి. శ్రీనాథుని భీమేశ్వరపురాణానికి ఆధారమైన క్షేత్రం. ఏడుగురు ఋషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారన్న ఐతిహ్యం ఇక్కడి సప్తగోదావరితో ముడిపడి ఉంది. ఇక సమస్య:

విషమునుఁ గుడిచిన జనులకు వెతలు తొలంగెన్

విషం తాగిన జనులకు బాధలు తొలగిపోయాయని దీని పైకి కనిపించే అర్థం. మరణించిన వారికి బాధలేముంటాయని సరిపెట్టుకుంటే అది పూరణ కాదు, వ్యంగ్యం మాత్రమే అవుతుంది.

ఛందస్సు విధించే హద్దులు

అర్థం గురించి ఆలోచించే ముందు పాదాన్ని విభజించాలి. విషమును, గుడిచిన, జనులకు, వెతలు తొ, లంగెన్ అని నాలుగేసి మాత్రల గణాలు ఐదు వస్తాయి. ఇది కందపద్యంలోని నాలుగో పాదం. ఉత్తరార్ధంలో ఆరో గణమైన ‘జనులకు’ నలం, ఎనిమిదో గణం చివర గురువు. నియమం సరిపోయింది. ‘వి’కి ‘వె’తో యతి కుదిరింది. ప్రాసాక్షరం ‘ష’, దాని ముందున్నది లఘువు.

ఈ చివరి అంశమే పూరణకు అసలు హద్దు. భూషణం, దోషం, పోషణ, శేషుడు వంటి పదాలతో పాదం మొదలుపెట్టడానికి వీలులేదు. వాటిలో మొదటి అక్షరం గురువు. మిగిలేవి తృష, వృషభం, మిష, ఋషి, కృషి, సుషమ వంటి కొన్ని పదాలే. అవధాని ఊహ స్వేచ్ఛగా సాగదు, ఈ పదాలు చూపే దారుల్లోనే నడుస్తుంది. ‘వృష’ అనగానే వృషవాహనుడు, ‘ఋషి’ అనగానే సప్తర్షులు స్ఫురిస్తారు. పై సమస్యకు ఈ రెండు దారుల్లోనూ పూరణ సాధ్యమే.

మొదటి పూరణ: శ్లేష

ఋషు లేడ్వురు దెచ్చినదై
కృషి సాగెడు నేలఁ బారు కెరలెడి నదిలో
సుషమఁ గని దప్పి దీరఁగ
విషమునుఁ గుడిచిన జనులకు వెతలు తొలంగెన్

‘విషం’ శబ్దానికి నీరు అన్న అర్థం అమరకోశంలో ఉంది. ఏడుగురు ఋషులు తెచ్చిన నదిలో దాహం తీరేలా నీరు తాగిన జనులకు బాధలు తొలగాయని తాత్పర్యం. ఇక్కడ వాక్యనిర్మాణం ఏమీ మారలేదు, ఒక నామవాచకం అర్థం మాత్రమే మారింది. నది, దప్పి అన్న మాటలు ముందే వచ్చి ఆ అర్థానికి భూమిక సిద్ధం చేశాయి. అవి లేకపోతే అవధాని పద్యం ముగించి, విషమంటే నీరని వివరించవలసి వచ్చేది. వివరణ తర్వాత గాని అందని శ్లేష సభలో సగం ఓడినట్లే. భూమిక సిద్ధమైనా దీనికి ఒక పరిమితి మిగులుతుంది. తెలుగు వ్యవహారంలో విషం నీరు కాదు కనుక, శ్రోత నిఘంటువును నమ్మి ఒప్పుకోవాలి.

రెండో పూరణ: అన్వయభేదం

తృష సుధపైఁ గల సురలకు
వృషవాహనుఁడైన భీమవిభుఁ డభయమిడెన్
మిష లేకయె యా దేవుఁడె
విషమునుఁ గుడిచిన జనులకు వెతలు తొలంగెన్

ఇందులో ఏ పదానికీ కొత్త అర్థం లేదు. విషం విషమే, జనులు జనులే. మారినది ‘కుడిచిన’ అన్న క్రియారూపం మాత్రమే. సమస్యను విడిగా చదివినప్పుడు అది భూతకాలిక ధాతుజ విశేషణం, అంటే ‘కుడిచినట్టి జనులు’. పూరణలో అది ‘కుడిచినన్’ అన్న చేదర్థక రూపం, అంటే ‘ఆ దేవుడే విషం తాగగా, జనులకు వెతలు తొలగాయి’. మూడో పాదం చివర నిలిచిన ‘దేవుఁడె’ అన్న కర్తృపదం తనకొక క్రియను కోరుతుంది. అది ‘కుడిచిన’ను జనుల నుంచి విడదీసి తనవైపు లాక్కుంటుంది.

ఈ రెండు రూపాలు ఒకేలా వినిపించడానికి కారణం సంధి. ‘కుడిచినన్’ ద్రుతాంతం. దాని తర్వాత వచ్చిన ‘జనులకు’ సరళమైన జకారంతో మొదలవుతుంది కనుక, ద్రుతం లోపించడానికి వీలుంది. పృచ్ఛకుడు అదే చోట ‘ప్రజలకు’ అని ఇచ్చి ఉంటే ఈ మార్గం మూసుకుపోయేది. గణం సరిపోయినా, పరుషానికి సరళాదేశం వచ్చి చేదర్థకంలో ‘కుడిచినఁ బ్రజలకు’ కావాలి, విశేషణంలో ‘కుడిచిన ప్రజలకు’గానే ఉండాలి. రూపమే రహస్యం బయటపెడుతుంది. అంటే సమస్యలోని అసంబద్ధత, దాని విరుగుడు రెండూ ఒక్క జకారం మీద నిలిచి ఉన్నాయి. పఠనంలో అవధాని చేయవలసిన పని కూడా ఇదే సూచిస్తుంది. ‘గుడిచిన’ తర్వాత కొద్దిగా ఆగాలి. ఆగకుండా చదివితే పాత అర్థమే మళ్లీ వినిపిస్తుంది.

పూరణను పరీక్షించే విధం

విద్యార్థుల పూరణలలో తరచు కనిపించే మూడో మార్గం, అసంబద్ధమైన సంగతిని కలలోకో, నాటకంలోకో, మతి చలించినవాని మాటలోకో నెట్టడం. విషం తాగిన జనులకు వెతలు తొలగినట్లు ఒకడు కలగన్నాడంటే ఛందోదోషం ఉండకపోవచ్చు. అయినా ఆ మూడు పాదాలు ఏ సమస్యకైనా దాదాపు అలాగే సరిపోతాయి. సమస్యలోని మాటలతో వాటికి ప్రత్యేకమైన సంబంధం లేదు. అర్థం మారలేదు, అది ఎవరి మాటో మాత్రమే మారింది.

కనుక పూరణ బలాన్ని తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అదే సమస్యలో అర్థం మార్చకుండా ఒక్క పదాన్ని పర్యాయపదంతో మార్చి చూడాలి. ‘విషము’ స్థానంలో ‘గరళము’ పెడితే మొదటి పూరణ కూలిపోతుంది. ‘జనులకు’ స్థానంలో ‘ప్రజలకు’ పెడితే రెండోది కూలిపోతుంది. కల మార్గంలోని పూరణ మాత్రం ఏ పదం మార్చినా చెక్కుచెదరదు. చెక్కుచెదరకపోవడమే దాని దోషం. ఇచ్చిన పాదంలో ఏ కీలు కదులుతుందో అది వెతకలేదు. సమస్యను ఎంచుకునే పృచ్ఛకుడికీ ఇదే వర్తిస్తుంది. కదిలే కీలు ఒక్కటైనా లేని పాదం ఇస్తే అవధానికి కల తప్ప మరో దారి మిగలదు. అప్పుడు తప్పు పూరణలో కాక సమస్యలోనే ఉందని గుర్తించాలి.