తెలుగు ఉత్తరం కింద ఎర్రగీతలెందుకు?

ఈమెయిల్ రాసే విండోలో తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేస్తే, నాలుగింటి కిందా ఎర్రటి వంకర గీతలు. ‘అమ్మ’, ‘అన్నం’ కూడా తప్పేనంటుంది కంప్యూటరు. నిజానికి ఆ గీత చెప్పేది ‘ఈ మాట తప్పు’ అని కాదు, ‘నాకిచ్చిన జాబితాలో ఈ మాట లేదు’ అని. ఆ జాబితా ఇంగ్లీషుదైతే తెలుగు మాట ఒక్కటీ అందులో దొరకదు.

అందుకే ముందు గీతలు ఎలా పడ్డాయో చూడాలి. తెలుగు మాటలన్నిటి కిందా ఉంటే భాష తప్పుగా ఎంచుకున్నట్టు. అక్కడక్కడా ఉంటే భాష సరిగ్గానే ఉంది, జాబితాకే కొన్ని మాటలు తెలియవు. రెండింటికీ మందు వేరు.

ఉచితంగా దొరికే థండర్‌బర్డ్‌నే తీసుకుందాం. ఉత్తరం రాసే విండోలో పైన ఉండే Spelling బటన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే కంప్యూటర్లో ఉన్న డిక్షనరీల పేర్లు కనిపిస్తాయి. తెలుగు ఉంటే టిక్కు పెట్టండి. ఇంగ్లీషు టిక్కు తీసెయ్యనక్కర్లేదు. 2022 నాటి 102వ వెర్షన్ నుంచి ఒకేసారి రెండు మూడు భాషలు ఎంచుకోవచ్చు. ఏ ఒక్క జాబితాలో మాట దొరికినా గీత పడదు. తెలుగులో రాస్తూ మధ్యలో ఇంగ్లీషు మాటలు వాడేవాళ్లకు ఇదే అనుకూలం. ఇక్కడి మార్పు ఆ ఉత్తరానికే పరిమితం. ఎప్పటికీ అలాగే ఉండాలంటే Settings‌లోని Composition పేజీలో ఎంచుకోవాలి.

జాబితాలో తెలుగే కనిపించకపోతే డిక్షనరీ ఇంకా వేసుకోలేదన్నమాట. ఉబుంటులో ఒక్క ఆదేశం చాలు:

```
sudo apt install hunspell-te
```

తర్వాత థండర్‌బర్డ్‌ను మూసి మళ్లీ తెరవాలి. విండోస్‌లో లిబ్రాఫీస్‌తోపాటు తెలుగు డిక్షనరీ వచ్చినా, దాన్ని థండర్‌బర్డ్ తనంతట తాను వాడుకోదు. Composition పేజీలో అదనపు డిక్షనరీలకు ఉన్న లింకు ద్వారా విడిగా వెతుక్కోవాలి. దొరక్కపోతే తెలుగు ఉత్తరం వరకు డిక్షనరీల టిక్కులన్నీ తీసెయ్యడమే మేలు. ఎలాగూ ఆ గీతలు మన తెర మీదే తప్ప అవతలివాళ్లకు కనిపించవు.

తెలుగు ఎంచుకున్నాక కూడా కొన్ని గీతలు మిగులుతాయి. థండర్‌బర్డ్ లోపల పనిచేసే హన్‌స్పెల్‌ను లాస్లో నేమెత్ మొదట హంగేరియన్ భాష కోసం రాశాడు. అదీ మన తెలుగులాగే మాటకు ప్రత్యయాలు తగిలించుకుంటూ పోయే భాష. హన్‌స్పెల్ దగ్గర రెండు ఫైళ్లుంటాయి: ఒకదాంట్లో మూల పదాలు, రెండోదాంట్లో వాటి చివర ఏం చేర్చాలో చెప్పే నియమాలు. ‘ఊరు’కు ‘రు’ తీసి ‘ళ్లో’ చేరిస్తే ‘ఊళ్లో’ అవుతుందని ఒక నియమం రాశామనుకుందాం. అదే నియమం ‘నోరు’కు పెడితే ‘నోళ్లో’ అవుతుంది, మనమనేది ‘నోట్లో’. కాబట్టి ఏ మాటకు ఏ నియమమో ఒక్కొక్కటిగా గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఇక ‘చేయించాల్సొచ్చిందని’ లాంటి మాటలో చేయించు, వలసి, వచ్చింది, అని – నాలుగూ కలిసిపోయి ఉన్నాయి. ఇలాంటి కలయికలు రాసేవాడి ఇష్టాన్నిబట్టి పుడుతూనే ఉంటాయి, అన్నిటినీ ముందే ఏ జాబితాలోనూ పెట్టలేరు.

మీరు తరచూ రాసే పేర్లకు గీత పడుతుంటే, మాట మీద కుడి క్లిక్ చేసి Add to Dictionary నొక్కండి. అయితే ఇందులో మాట ఉన్నదున్నట్టే చేరుతుంది. ‘వెంకటాపురం’ చేర్చినా ‘వెంకటాపురంలో’ కింద గీత మళ్లీ రావచ్చు, దాన్నీ చేర్చుకోవాల్సిందే. పొరపాటున తప్పు మాట చేర్చితే, ప్రొఫైల్ ఫోల్డర్‌లోని persdict.dat ఫైలు తెరిచి ఆ వరస చెరిపెయ్యాలి. అది మామూలు టెక్స్ట్ ఫైలు, వరసకో మాట ఉంటుంది. ముందు థండర్‌బర్డ్‌ను మూసెయ్యడం మరిచిపోవద్దు.

మిగిలిన గీతల్లో వేటిని పట్టించుకోవాలి? పొడుగాటి కలయిక పదమైతే మీ చెవినే నమ్మండి. ‘విధ్యార్థి’ లాంటి విడి మాట కింద గీత పడితే మాత్రం ఆగి చూడండి. అక్కడ ‘ద్యా’ ఉండాలి, తప్పు నిజంగానే ఉంది. గీత లేనంత మాత్రాన అంతా ఒప్పనీ అనుకోవద్దు. ‘రాత్రి ఒక కళ వచ్చింది’ అని రాస్తే ఏ డిక్షనరీ అడ్డు చెప్పదు. ‘కల’, ‘కళ’ రెండూ సరైన మాటలే కాబట్టి, అక్కడ ఏది కావాలో చదివి తేల్చుకోవాల్సింది రాసినవాళ్లే.